పైన ఏది పిన్ చేయాలి, కింద ఏది పిన్ చేయాలి: ఇన్‌స్టా, యూట్యూబ్, ఎక్స్ పోల్చి చూస్తే

పిన్ అనే బటన్ రెండు చోట్ల ఉంటుంది. ఒకటి ప్రొఫైల్‌లో పోస్టుకి, రెండోది పోస్టు కింద కామెంట్‌కి. రెండింటికీ గుర్తు ఒకటే గుండుసూది కాబట్టి రెండూ ఒకే పని చేస్తాయనుకుంటాం. కానీ వాటిని చూసే మనుషులు వేరు. ప్రొఫైల్ పైన పిన్ చేసింది మన పేరు మీద నొక్కి మన పేజీలోకి వచ్చినవాళ్లకే కనిపిస్తుంది. కామెంట్ పిన్ చేస్తే మన పేజీ గడప తొక్కనివాళ్లకి, అంటే ఎక్కడో స్క్రోల్ చేస్తూ మన రీల్ దగ్గర ఆగి కామెంట్లు తెరిచినవాళ్లకి కనిపిస్తుంది. ఏ మాట ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడానికి ముందు చూడాల్సింది ఈ తేడానే.

ఇంకో అపోహ కూడా ముందే తీసేద్దాం. పిన్ చేస్తే రీచ్ పెరుగుతుందని కొందరు నమ్ముతారు. పిన్ చేసినంత మాత్రాన ఆ పోస్టు ఎవరి ఫీడ్‌లోకీ మళ్లీ వెళ్లదు, ఫాలోవర్లకు నోటిఫికేషనూ పోదు. మన పేజీలో దాని స్థానం మారుతుంది, అంతే.

ఇక ఎక్కడ ఎన్ని కుదురుతాయో చూద్దాం. ఇన్‌స్టాగ్రామ్ ప్రొఫైల్‌లో మూడు పోస్టులు పిన్ చేసుకోవచ్చు. ఫోటో, రీల్, ఎక్కువ ఫోటోలున్న పోస్టు, అన్నీ కలిపి మూడే. ఈ సౌకర్యం 2022లో వచ్చింది. కామెంట్లు పిన్ చేయడం అంతకు రెండేళ్ల ముందు, 2020లోనే వచ్చింది. అక్కడ కూడా పోస్టుకి మూడు కామెంట్ల వరకు కుదురుతుంది. ఎక్స్‌లో, అంటే పాత ట్విట్టర్‌లో, ప్రొఫైల్‌కి ఒక్కటే పోస్టు. కొత్తది పిన్ చేస్తే పాతది దిగిపోతుంది. యూట్యూబ్‌లో వీడియోకి ఒక్క కామెంటే. విదేశాల్లో ఉండి టిక్‌టాక్ వాడే మనవాళ్లకి ప్రొఫైల్‌లో మూడు వీడియోలు, వీడియో కింద ఒక కామెంట్. మన దేశంలో ఆ యాప్‌ను 2020 జూన్‌లోనే నిషేధించారు కాబట్టి దాని సంగతి ఇక్కడితో వదిలేద్దాం.

మూడున్న చోట మూడూ నింపాలని రూలేమీ లేదు. ఇన్‌స్టా గ్రిడ్‌లో వరుసకి మూడు గళ్లు. మూడూ పిన్ చేస్తే పై వరుస మొత్తం పాత పోస్టులతో నిండిపోతుంది, నిన్న రాత్రి పెట్టిన కొత్త పోస్టు నాలుగో గడికి, అంటే రెండో వరుసకి దిగుతుంది. పైగా గ్రిడ్‌లో తేదీ కనిపించదు. పోస్టు తెరిస్తేనే తేదీ కనపడేది. బొమ్మ మూలన ఉండే చిన్న గుండుసూది గుర్తుని గమనించనివాళ్లకి పై వరుసే మీ తాజా సరుకు. దసరా ఆఫర్ పోస్టు ఫాల్గుణంలో కూడా పైనే ఉంటే, ఆఫర్ ఇంకా నడుస్తోందనుకోవడం వాళ్ల తప్పు కాదు. రోజూ కొత్తవి పెట్టేవాళ్లకి రెండు పిన్‌లు చాలని నా అభిప్రాయం. మూడో గడి ఖాళీగా వదిలితే తాజా పోస్టు దానంతటదే పై వరుసలోకి వస్తుంది.

ఒక కేసు దగ్గరగా చూస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. మా వదిన మంగళగిరిలో ఇంట్లోనే ఉండి నేత చీరలు అమ్ముతుంది. సరుకు చూపించేది ఇన్‌స్టాలో, ఆర్డర్లు తీసుకునేది వాట్సాప్‌లో. ఒకసారి మగ్గం మీద నిజాం బోర్డర్ నేస్తున్న రీల్ ఒకటి బాగా తిరిగింది. కింద వందలకొద్దీ కామెంట్లు. వాటిలో సగం "ప్రైస్ ప్లీజ్", మిగతావాటిలో ఎక్కువభాగం "రంగు పోతుందా అక్కా?", "బ్లౌజ్ పీస్ వస్తుందా?", "బెంగళూరుకి పంపిస్తారా?". ఆ ఊపులో ఆమె చేసిన మొదటి పని, ఆ రీల్‌నే తీసుకెళ్లి ప్రొఫైల్ పైన పిన్ చేయడం.

చాలామంది చేసేది ఇదే. ఎక్కువ వ్యూస్ వచ్చింది కాబట్టి పైన ఉండాలనిపిస్తుంది. కానీ ఒక్కసారి వచ్చేవాళ్ల వైపు నుంచి ఆలోచించండి. ఆ వారం ఆమె ప్రొఫైల్‌కి వచ్చిన కొత్తవాళ్లు ఎక్కువగా ఆ రీల్ చూసే వచ్చారు. మగ్గం చూశారు, చీర నచ్చింది, పేరు నొక్కారు. లోపలికి వచ్చాక మళ్లీ అదే రీల్ ఎదురైతే వాళ్లకి కొత్తగా తెలిసేదేమీ లేదు. వాళ్లకి కావలసింది తరువాతి మెట్టు. ఎలా కొనాలి, డబ్బు పంపితే చీర వస్తుందన్న నమ్మకం ఏంటి, ఇంకా ఏమేం ఉన్నాయి. వైరల్ అయిన రీల్ జనాన్ని గుమ్మం దాకా తెచ్చే పని చేసేసింది. గుమ్మం లోపల పెట్టాల్సింది వేరే. పాటలు పాడేవాళ్లు, బొమ్మలు గీసేవాళ్ల విషయంలో ఇది కొంచెం మారుతుంది, వాళ్ల పనితనమే సరుకు కాబట్టి మంచి రీల్ పైన ఉన్నా నష్టం లేదు. అమ్మకం ఉన్నవాళ్లకి మాత్రం ఆ గడి దండగే.

చివరికి ఆమె ప్రొఫైల్‌లో రెండే పిన్‌లు మిగిలాయి. మొదటిది, ఆర్డర్ ఎలా ఇవ్వాలో నాలుగు ఫోటోల్లో చెప్పే పోస్టు. చీర స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌కి పంపాలి, చీర ఉందో లేదో చూసి చెబుతాం, డబ్బు కట్టాక పార్సెల్ వెళ్తుంది, పార్సెల్ విప్పేటప్పుడు వీడియో తీసిపెట్టుకోండి. రెండోది, కొన్నవాళ్లు కట్టుకుని పంపిన ఫోటోలు, వాళ్ల అనుమతి అడిగి పెట్టినవి.

ఇక్కడ రెండు చిన్న విషయాలు తెలిసుండాలి. ఇన్‌స్టాలో చివరగా పిన్ చేసింది మొదటి గడిలోకి, అంటే ఎడమ చివరకి వస్తుంది. అందుకే ముందు కనిపించాల్సిన దాన్ని ఆఖర్న పిన్ చేయాలి. తారుమారైతే ఒకదాన్ని తీసి మళ్లీ పిన్ చేస్తే వరుస మారుతుంది. పిన్ చేయడానికి పోస్టు తెరిచి, పైన మూడు చుక్కలు నొక్కితే `Pin to your main grid` అని వస్తుంది. కొన్ని ఫోన్లలో `Pin to your profile` అని ఉండొచ్చు. తీయాలన్నా అదే చోట ఉంటుంది.

రెండో విషయం దీనికంటే ముఖ్యం. ఇన్‌స్టాలో పోస్టు కింద రాసిన క్యాప్షన్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఫోటో మీద అచ్చేసిన అక్షరాలు మారవు. వదిన మొదట చేయించిన డిజైన్‌లో ఫోటో మీదే "షిప్పింగ్ 80 రూపాయలు" అని పెద్ద అక్షరాలు ఉన్నాయి. కొరియర్ రేటు పెరిగింది, ఫోటో మీద 80 అలాగే ఉంది. కొనేవాళ్లు స్క్రీన్‌షాట్ తీసి "మీరే రాశారు కదండీ" అని పంపితే చెప్పడానికి ఏముంటుంది? అందుకే పిన్ చేసే పోస్టులో ఫోటో మీద మారని మాటలే ఉండాలి. ధర, షిప్పింగ్, ఎన్ని రోజులు పడుతుందన్నవి క్యాప్షన్‌లోకి పోవాలి. రీల్ అయితే కవర్ ఫోటోని తరువాత కూడా మార్చుకోవచ్చు, లోపలి వీడియోని మార్చలేం.

ఇప్పుడు కింది పిన్ సంగతి. ఆ మగ్గం రీల్‌ని లక్షమంది చూశారనుకుంటే ప్రొఫైల్ దాకా వచ్చేది వాళ్లలో కొద్దిమందే. మిగతావాళ్లకి సమాధానం దొరకాల్సింది ఆ రీల్ కిందే. "రంగు పోతుందా?" అన్న ప్రశ్నకి ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు రాస్తూ కూర్చుంటే సాయంత్రం అయిపోతుంది, పైగా ఆ జవాబులు కామెంట్ల గుట్టలో అడుగున పడిపోతాయి. అదే ప్రశ్నని బాగా అడిగిన ఒక కామెంట్ ఎంచుకుని, దానికి కుదురుగా జవాబు రాసి, ఆ కామెంట్‌ని పిన్ చేస్తే ప్రశ్నా జవాబూ రెండూ పైన ఉంటాయి. ఆండ్రాయిడ్‌లో కామెంట్‌పై వేలు నొక్కి పట్టుకుంటే పిన్ గుర్తు వస్తుంది, ఐఫోన్‌లో కామెంట్‌ని ఎడమ వైపుకి జరిపితే వస్తుంది. పోస్టు మనదైతేనే ఇది కుదురుతుంది. వేరేవాళ్ల పోస్టు కింద మనం రాసిన కామెంట్‌ని మనం పిన్ చేయలేం.

క్యాప్షన్‌లోనే రాసేయొచ్చు కదా అని అడగొచ్చు. రాయొచ్చు, రాయాలి కూడా. కానీ రీల్‌లో క్యాప్షన్ ఒక్క లైనే కనిపించి మిగతాది దాక్కుంటుంది. చాలామంది దాన్ని తెరవకుండా నేరుగా కామెంట్లలోకి వెళ్తారు, ఎందుకంటే అమ్మేవాళ్ల మాట కంటే తోటి కొనేవాళ్ల మాట వినాలని ఉంటుంది. "రెండుసార్లు ఉతికాను, కొద్దిగా మొదటిసారే పోయింది" అని ఎవరో రాసిన మాటకి ఉన్న బలం, "రంగు గ్యారంటీ" అని మనం రాసుకున్న దానికి ఉండదు. అందుకే కామెంట్ పిన్ చేసేటప్పుడు పొగడ్త కంటే వివరం ఉన్న మాటని ఎంచుకోవడం మేలు. "సూపర్ అక్కా" అని పది హృదయాలు పెట్టిన కామెంట్ మనకి సంతోషం, చూసేవాళ్లకి దానివల్ల తెలిసేది సున్నా.

దీనికి పరిమితులు కూడా ఉన్నాయి. మీరు ఎవరిదైనా కామెంట్ పిన్ చేస్తే వాళ్లకి నోటిఫికేషన్ వెళ్తుంది. ఎక్కువమంది సంతోషిస్తారు. కొందరికి తమ పేరు, ఫోటో లక్షమంది ముందుకి రావడం నచ్చదు. వాళ్లు కామెంట్ తీసేస్తే మీ పిన్ కూడా పోతుంది, కింద మీరు శ్రమపడి రాసిన జవాబు కూడా దాంతోపాటే పోతుంది. అందుకే ఆ జవాబుని ఫోన్‌లో నోట్స్‌లో కూడా పెట్టుకోండి. కామెంట్‌లో ఫోన్ నంబరో అడ్రసో ఉంటే దాన్ని అస్సలు పిన్ చేయకూడదు. "నా నంబర్ ఇది, కాల్ చేయండి" అని రాసేవాళ్లు మన దగ్గర తక్కువేమీ కాదు. పిన్ చేయడమంటే ఆ నంబర్ని గోడకి అంటించడమే. అలాంటివి తీసేసి వాళ్లకి మెసేజ్‌లో జవాబు ఇవ్వడం పద్ధతి.

ఇన్‌స్టా కామెంట్‌లోనూ క్యాప్షన్‌లోనూ వెబ్ లింకు పెడితే అది నొక్కడానికి పనికిరాదు, ఉత్త అక్షరాలుగా ఉండిపోతుంది. కాబట్టి పిన్ చేసిన జవాబులో పొడుగాటి లింకు అతికించే బదులు "ప్రొఫైల్‌లో లింకు ఉంది" అని రాయడమే దారి. అలా రాసినప్పుడు ప్రొఫైల్‌కి వచ్చినవాళ్లకి పైన ఆర్డర్ పోస్టు కనిపించాలి. కింది పిన్ పైకి పంపుతుంది, పై పిన్ పని పూర్తిచేస్తుంది. ఈ రెండింటి మధ్య పొంతన లేకపోతే, కింద ఒక ధర, పైన ఇంకో ధర ఉంటే, రెండూ నమ్మరు.

యూట్యూబ్‌లో లెక్క వేరు. అక్కడ ఉన్నది ఒక్క కామెంట్ పిన్ కాబట్టి దాన్ని ఎవరికి ఇవ్వాలన్నది నిజంగా ఆలోచించాల్సిన విషయం. ఇన్‌స్టాలో వేరేవాళ్ల ప్రశ్నకి ఇవ్వమన్నాను. యూట్యూబ్ పొడవు వీడియోల కింద మాత్రం మన సొంత కామెంట్‌కే ఇవ్వడం మంచిదంటాను. దానికి కారణాలున్నాయి. ఇక్కడ లింకులు పనిచేస్తాయి. `4:20` అని టైమ్ రాస్తే దాన్ని నొక్కి వీడియోలో అక్కడికే వెళ్లొచ్చు. అన్నిటికంటే ముఖ్యంగా మన కామెంట్‌ని మనమే ఎప్పుడైనా దిద్దుకోవచ్చు. వీడియోలో తప్పు చెప్పామనుకోండి, అప్‌లోడ్ అయిన వీడియోలో ఆ మాటని మార్చి మళ్లీ చెప్పలేం. "6:15 దగ్గర నూలు 80 కౌంట్ అన్నాను, అది 100 కౌంట్" అని పిన్ కామెంట్‌లో రాస్తే సరిపోతుంది. వేరేవాళ్ల కామెంట్‌ని పిన్ చేస్తే అది వాళ్ల చేతిలో ఉంటుంది. తరువాత వాళ్లు దాన్ని మార్చి ఏమైనా రాయొచ్చు, తీసేయొచ్చు.

అయితే షార్ట్స్ కింద ఈ సలహా సగం పనిచేయదు. 2023 ఆగస్టు చివరి నుంచి షార్ట్స్ కామెంట్లలో లింకులు నొక్కితే తెరుచుకోవు. స్పామ్ ఆపడానికి యూట్యూబ్ తీసుకున్న నిర్ణయం అది. షార్ట్ నుంచి మీ పొడవు వీడియోకి పంపాలంటే యూట్యూబ్ స్టూడియోలో `Related video` అనే చోట ఆ వీడియోని జోడించాలి, పిన్ కామెంట్‌లో లింకు పెట్టి లాభం లేదు. షార్ట్స్ కింద పిన్‌ని ఇన్‌స్టాలో లాగే మంచి ప్రశ్నకో, ఒక్క లైను వివరానికో వాడుకోండి.

యూట్యూబ్‌లో పిన్ బటనే కనిపించడం లేదని కొత్తగా ఛానెల్ పెట్టినవాళ్లు అడుగుతుంటారు. సాధారణంగా కారణం, ఛానెల్‌కి ఇంకా `Advanced features` తెరుచుకోకపోవడం. స్టూడియో సెట్టింగ్స్‌లో ఫీచర్స్ విభాగంలో అది చూడొచ్చు. గుర్తింపు కార్డుతోనో, ముఖం వీడియోతోనో ధృవీకరించాలి, లేదా ఛానెల్‌కి తగిన చరిత్ర వచ్చేదాకా ఆగాలి. ఇంకో కారణం కూడా ఉండొచ్చు. పిల్లల కథలు, రైమ్స్ ఛానెళ్లలో వీడియోని పిల్లల కోసం చేసినదిగా గుర్తిస్తే దాని కింద కామెంట్లే ఉండవు, కామెంట్లు లేని చోట పిన్ ప్రసక్తే లేదు. అలాంటి ఛానెళ్లు చెప్పాల్సింది డిస్క్రిప్షన్‌లోనే చెప్పుకోవాలి. ఇవి రెండూ కాకపోతే మీరు నొక్కుతున్నది కామెంట్ కింద ఉన్న రిప్లై అయ్యుండొచ్చు. యూట్యూబ్‌లో విడి కామెంట్‌నే పిన్ చేయగలం, దాని కింది జవాబుని కాదు.

ఎక్స్ విషయానికొస్తే, ఒక్క పిన్, అది కూడా మన పోస్టుకే. ఎవరో మన గురించి మంచి మాట రాశారని దాన్ని రీపోస్ట్ చేసి పిన్ చేద్దామంటే కుదరదు. దాన్ని కోట్ చేస్తూ మన మాట రెండు ముక్కలు రాస్తే ఆ కోట్ పోస్టు మనదవుతుంది, అప్పుడు పిన్ చేయొచ్చు. చెప్పాల్సింది ఎక్కువుంటే థ్రెడ్‌గా, అంటే ఒకదాని కింద ఒకటి వరుస పోస్టులుగా రాసి మొదటి పోస్టుని పిన్ చేయాలి. పైన కనిపించేది ఆ మొదటి పోస్టే కాబట్టి అసలు విషయం అందులోనే ఉండాలి. "ఒక థ్రెడ్..." అని మొదలుపెట్టి విషయాన్ని మూడో పోస్టులో దాస్తే పిన్ వృథా.

ఇక్కడ పెద్ద ఇబ్బంది దిద్దుబాటు. పోస్టుని ఎడిట్ చేసే వీలు డబ్బు కట్టే ప్రీమియం వాళ్లకే ఉంది, వాళ్లకి కూడా పోస్టు చేశాక గంటలోపే. అంటే నెలల తరబడి పైన ఉండబోయే మాటని మనం రేపటి నుంచే మార్చలేం. ధరలు, తేదీలు, స్టాకు లాంటివి ఎక్స్ పిన్‌లో పెట్టొద్దని చెప్పేది అందుకే. మీరెవరు, ఏం చేస్తారు, మీ పని ఎక్కడ చూడొచ్చు అన్న మూడు విషయాలు చాలు. ఒకవేళ తేదీ ఉన్న సంగతి, చీరల ప్రదర్శన లాంటిది పిన్ చేయాల్సి వస్తే అది అయిపోయిన రోజే తీసేయాలి. అక్కడ పిన్ పోస్టు మీద తేదీ కనిపిస్తుంది కాబట్టి ఆరు నెలల కిందటి ఆహ్వానం చూసినవాళ్లు ఈ అకౌంట్ నడవట్లేదేమో అనుకుంటారు.

మూడింటిలో ఒక్కదాంట్లోనే సమయం పెట్టగలిగేవాళ్లు అమ్మకం కోసమైతే ఇన్‌స్టాతో మొదలుపెట్టండి. పైన రెండు, ఎక్కువ తిరిగే ప్రతి రీల్ కింద ఒకటి. మూడు కామెంట్ల వీలున్నా ఒకటి దాటితే నాకు ఇష్టం ఉండదు. ఫోన్ స్క్రీన్ మీద మూడు పిన్‌లు, వాటి జవాబులు కలిసి మొదటి తెరంతా ఆక్రమిస్తాయి, నిజమైన కామెంట్లు కనిపించాలంటే కిందికి జరుపుకుంటూ పోవాలి. అలా ఉంటే అది అమ్మేవాళ్లే అలంకరించిన చోటులా అనిపిస్తుంది. పాఠాలు చెప్పేవాళ్లు, వంటలు చేసేవాళ్లకి యూట్యూబ్ పిన్ కామెంటే ఎక్కువ పనికొస్తుంది. వంట వీడియో కింద కొలతలు రాసి పిన్ చేస్తే పొయ్యి దగ్గర నిలబడ్డవాళ్లు వీడియోని వెనక్కి ముందుకి జరుపుకునే బాధ తప్పుతుంది.

మోసాల సంగతి ఒకటి మిగిలింది. యూట్యూబ్‌లో కొందరు తమ అకౌంట్ పేరునే "పిన్ చేసినది ఫలానా ఛానెల్" అన్నట్టు పెట్టుకుని, ఛానెల్ లోగోనే ఫోటోగా పెట్టుకుని, చూసేవాళ్ల కామెంట్లకి జవాబుగా ఒక వాట్సాప్ నంబర్ ఇస్తారు. బహుమతి గెలిచారంటారు. అసలు పిన్‌ని గుర్తుపట్టడం కష్టం కాదు. అది కామెంట్ల వరుసలో అన్నిటికంటే పైన ఒక్కటే ఉంటుంది, గుండుసూది గుర్తుతో `Pinned by` అన్న లైను కామెంట్ రాసినవాళ్ల పేరుకి పైన, విడిగా వస్తుంది. ఆ మాట పేరులోనే కలిసి ఉన్నా, ఎవరి కామెంట్ కిందో జవాబుగా వచ్చినా అది దొంగదే. ఇన్‌స్టాలో మోసం తీరు వేరు. "ప్రైస్ ప్లీజ్" అని రాసినవాళ్ల పేర్లు చూసుకుని, అసలు దుకాణం పేరుకి ఒక అక్షరం అటూ ఇటూ చేసిన అకౌంట్ నుంచి వాళ్లకి మెసేజ్‌లు పెడతారు, డబ్బు వేయమంటారు. వదిన ఇప్పుడు మగ్గం రీల్ కింద పిన్ చేసిన జవాబు చివర ఒక లైను కలిపింది: "మేము ముందుగా ఎవరికీ మెసేజ్ చేయము, ప్రొఫైల్‌లో ఉన్న నంబర్ ఒక్కటే మాది."